కోత మీ చేతిలో లేదు

ఆటోమాటా థియరీ నోట్సు ఎవరు పంచినా నేను ముందు తెరిచేది ఒకటే పేజీ. aⁿbⁿcⁿ కాంటెక్స్ట్ ఫ్రీ లాంగ్వేజ్ కాదని పంపింగ్ లెమ్మాతో నిరూపించే పేజీ. రాసినవాళ్లకి లెమ్మా ఒంటబట్టిందో లేదో అక్కడ తెలిసిపోతుంది. చాలాసార్లు ఒళ్లు మండటమే మిగులుతుంది. ఆ మంటలోనే రాస్తున్నాను. పోస్టు పొడుగు, ఓపికుంటేనే చదవండి.

ఆ పేజీలో ఉండేది దాదాపు ఎప్పుడూ ఇదే. "n = 3 అనుకుందాం. స్ట్రింగ్ aaabbbccc. దీన్ని ఐదు ముక్కలు చేద్దాం: u = a, v = aa, w = b, x = bb, y = ccc. v ని, x ని రెండేసిసార్లు రాస్తే aaaaabbbbbccc వస్తుంది. a లు ఐదు, b లు ఐదు, c లు మూడే. ఇది లాంగ్వేజ్‌లో లేదు. కాబట్టి కాంటెక్స్ట్ ఫ్రీ కాదు." కింద రెండు గీతలు. అయిపోయింది.

చివరి వాక్యం నిజమే కదా, మరి నీ ఏడుపేంటి అంటారా? ఇదే పద్ధతిని aⁿbⁿ మీద పెట్టి చూడండి. స్ట్రింగ్ aaabbb. నా ఇష్టమొచ్చినట్టు కోస్తాను: u = a, v = aa, w = bbb, x, y ఖాళీ. v ని రెండుసార్లు రాస్తే aaaaabbb. అయిదు a లు, మూడు b లు. లాంగ్వేజ్‌లో లేదు. కాబట్టి aⁿbⁿ కూడా కాంటెక్స్ట్ ఫ్రీ కాదు! కానీ దానికి గ్రామర్ ఒక్క లైన్లో ఉంది:

```
S → aSb | ab
```

ఉన్న గ్రామర్‌ని లేదని "నిరూపించిన" పద్ధతి aⁿbⁿcⁿ విషయంలో సరైన జవాబు చెప్పిందంటే అది కాకతాళీయం. ఆగిపోయిన గడియారం రోజుకి రెండుసార్లు సరైన టైమే చూపిస్తుంది.

ఇక్కడ తప్పిందేమిటంటే, ఎవరు ఏది ఎంచుకోవాలన్నది. 1961లో బార్-హిల్లెల్, పెర్లెస్, షమీర్ ఇచ్చిన ఈ లెమ్మా చెప్పేది ఇది. లాంగ్వేజ్ కాంటెక్స్ట్ ఫ్రీ అయితే దానికి p అనే సంఖ్య ఒకటి ఉంటుంది. పొడవు p గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ప్రతి స్ట్రింగ్‌నీ uvwxy గా కోయడానికి కనీసం ఒక దారి ఉంటుంది. ఆ కోతలో vwx పొడవు p దాటదు, v, x రెండూ ఒకేసారి ఖాళీ కావు, v, x లని ఎన్నిసార్లు రాసినా, అసలు తీసేసినా, వచ్చేది లాంగ్వేజ్‌లోనే ఉంటుంది.

దీన్ని కాదనాలంటే ఎదురుగా ఒక మొండి మనిషిని కూర్చోబెట్టుకోండి. "ఈ లాంగ్వేజ్ కాంటెక్స్ట్ ఫ్రీయే" అని వాడి వాదన. p చెప్పేది వాడు. స్ట్రింగ్ ఇచ్చేది మనం. కోసేది వాడు. ఎన్నిసార్లు రాయాలో చెప్పేది మనం. వాడు ఎలా కోసినా మనం గెలవాలి. aⁿbⁿ విషయంలో మనం ఎప్పుడూ గెలవలేం, ఎందుకంటే వాడు v = aa అని వెర్రిగా కోయడు. a లూ b లూ కలిసే చోట v = a, x = b అని కోస్తాడు. ఇక ఎన్నిసార్లు రాసినా రెండూ సమానంగానే పెరుగుతాయి, తీసేస్తే సమానంగానే తగ్గుతాయి. నోట్సు రాసినవాళ్లు p వాళ్లే చెప్పి, కోత కూడా వాళ్లే కోసి, వాళ్లతో వాళ్లే ఆడుకుని గెలిచారు.

ఈ p ఎక్కణ్నుంచి వస్తుందో చూస్తే కోత మన చేతిలో ఎందుకు లేదో ఇంకా బాగా తెలుస్తుంది. గ్రామర్‌ని చామ్‌స్కీ నార్మల్ ఫామ్‌లో రాశామనుకోండి. అంటే ప్రతి రూల్ ఒక వేరియబుల్‌ని రెండు వేరియబుల్స్‌గానో, ఒకే ఒక్క అక్షరంగానో మారుస్తుంది. వేరియబుల్స్ ఐదు ఉన్నాయి. p = 2⁵ = 32 తీసుకోండి. పార్స్ ట్రీలో ఒక్కో చోట రెండు కొమ్మలకి మించి రావు కాబట్టి, 32 అక్షరాలు పుట్టాలంటే వేరు నుంచి ఆకు దాకా ఏదో ఒక దారిలో కనీసం ఆరు వేరియబుల్స్ ఉండి తీరాలి. పేర్లు ఐదే. ఏదో ఒక పేరు రెండోసారి రాక తప్పదు. అన్నిటికంటే పొడవైన దారి తీసుకుని, దాని కింది ఆరింట్లోనే ఆ జంటని వెతకండి, ఆ పేరు A అనుకోండి. పై A కింద పుట్టిందంతా vwx, కింది A కింద పుట్టింది w. పై A అడుగునుంచి ఆరో వేరియబుల్ కంటే పైన ఉండదు కాబట్టి vwx పొడవు 32 దాటదు. పై A రెండుగా చీలింది కాబట్టి రెండో కొమ్మలో కనీసం ఒక అక్షరమైనా పుట్టింది, అందుకే v, x రెండూ ఒకేసారి ఖాళీ కావు. కోత ఎక్కడ పడుతుందో నిర్ణయించేది గ్రామర్. ఆ గ్రామర్ మనం చూడలేదు. మరి మనమెలా కోస్తాం?

ఇప్పుడు అసలు రుజువు. వాడు p చెప్పాడు. మనం aᵖbᵖcᵖ ఇచ్చాం. వాడు కోశాడు, ఎక్కడో తెలీదు. తెలిసింది ఒక్కటే, vwx పొడవు p దాటదు. a లకీ c లకీ మధ్య p b లు ఉన్నాయి కాబట్టి ఆ ముక్క ఒకేసారి a నీ c నీ తాకలేదు. తాకాలంటే కనీసం p + 2 పొడవు కావాలి. అంటే అందులో c లేనే లేదు, లేదంటే a లేనే లేదు. c లేదనుకోండి. v, x తీసేయండి. c లు ఇంకా p ఉన్నాయి. కనీసం ఒక అక్షరం పోయింది, పోయింది a యో b యో అయివుండాలి, కాబట్టి a లూ b లూ కలిపి 2p కంటే తక్కువ. మూడూ సమానం కాలేవు. a లేకపోయినా ఇదే మాట, అటుదిటు.

అంతే. నిజంగా అంతే.

వాడు ఎంత తెలివిగా కోసినా చూద్దాం. p = 32, స్ట్రింగ్‌లో 96 అక్షరాలు. వాడి దగ్గరున్న మంచి ఎత్తు aⁿbⁿ లో ఆడిందే: చివరి మూడు a లు v, మొదటి మూడు b లు x. తీసేస్తే a లు 29, b లు 29, c లు 32. రెండింటిని కాపాడుకున్నాడు, మూడోది అందలేదు. c ని అందుకోవడానికి కుడికి జరిగితే a చేజారుతుంది.

నా రెండో కోపం "కేసులు" రాసేవాళ్ల మీద. v లో అన్నీ a లే, అన్నీ b లే, అన్నీ c లే, v లో a, b రెండూ, x లో b, c రెండూ... ఐదారు కేసులు రాస్తారు, రెండు మర్చిపోతారు. v = ab లాంటి సరిహద్దు కోత వస్తే మాత్రం తెగ కంగారు. "abab వచ్చింది, వరస చెడింది" అని దానికి వేరే పేరా. అవసరం లేదు. అందులో కూడా c లేదు, పైన రాసిన లెక్క మాట మారకుండా దానికీ సరిపోతుంది. పేపర్లు దిద్దేవాళ్లు కేసులు లెక్కపెట్టి మార్కులేస్తారన్న భయం ఉందని తెలుసు. ఆ దిద్దేవాళ్ల మీద ఇంకో పోస్టు రాయాలి.

వరస గొడవ వదిలేసి లెక్క మీదే నిలబడితే ఇంకో లాభం ఉంది. a, b, c లు ఏ వరసలో ఉన్నా సరే, సమానంగా ఉంటే చాలన్న లాంగ్వేజ్ తీసుకోండి. అదే స్ట్రింగ్, అదే రుజువు, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. "వరస చెడింది" వాదన ఇక్కడ చతికిలబడుతుంది, చెడడానికి వరసే లేదు కదా. vwx పొడవు p దాటదన్న షరతు విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ షరతే లేకపోతే వాడు మొత్తం స్ట్రింగ్‌ని v అంటాడు, ఎన్నిసార్లు రాసినా మూడూ సమానంగానే ఉంటాయి, మనం ఓడిపోతాం. వరస ఉన్న aⁿbⁿcⁿ కి మాత్రం ఆ షరతు లేకుండానూ నెట్టుకురావచ్చు: v లో రెండు రకాల అక్షరాలుంటే రెండోసారి రాయగానే వరస చెడుతుంది, x కీ అంతే. లేకపోతే ఉన్నవి రెండే ముక్కలు, అక్షరాలు మూడు, ఒకటి మిగిలిపోవాల్సిందే. చాలామంది ఆ షరతుని ఒక్కసారి కూడా వాడకుండా రుజువు ముగించి గట్టెక్కుతున్నది ఇందుకే.

ఇక స్టాక్ కథ. "a లు స్టాక్‌లోకి తోస్తాం, b లు వచ్చినప్పుడు ఒక్కొక్కటే తీసేస్తాం, c ల దగ్గరికి వచ్చేసరికి స్టాక్ ఖాళీ, కాబట్టి కుదరదు." ఒక మిషన్ పనిచేయలేదని చెప్పినంత మాత్రాన ఏ మిషనూ పనిచేయదని తేలుతుందా? ముందు a లు, ఆ తర్వాత b లు, ఆ తర్వాత c లు వచ్చి, మూడూ సమానంగా లేని స్ట్రింగ్స్ తీసుకోండి. ఈ కథ నమ్మితే దీనికీ మూడింటి లెక్కా గుర్తుండాలి, కాబట్టి కుదరకూడదు. కానీ కుదురుతుంది. నాన్ డిటర్మినిస్టిక్ మిషన్ మొదట్లోనే ఊహిస్తుంది: తేడా a, b ల మధ్యా, b, c ల మధ్యా? మూడూ సమానం కాకపోతే ఈ రెండు జంటల్లో ఒకదాంట్లో తేడా ఉండి తీరుతుంది. ఆ జంటని మాత్రం స్టాక్‌తో పోల్చి, మిగతా అక్షరాన్ని పట్టించుకోకుండా దాటేస్తుంది. అదే మూడక్షరాలు, అదే ఒక్క స్టాక్. కథగా చెప్పుకోండి, నాకభ్యంతరం లేదు. "హెన్స్ ప్రూవ్డ్" అని మాత్రం రాయకండి.

ఆఖరి చిరాకు లెమ్మాని తిరగేసి వాడేవాళ్ల మీద. "పంప్ అవుతోంది కాబట్టి కాంటెక్స్ట్ ఫ్రీ." లెమ్మా ఆ మాట ఎప్పుడూ అనలేదు. aⁱbʲcᵏdˡ తీసుకుని, i = 0 అయినా ఉండాలి, లేదా j = k = l అయినా ఉండాలి అని షరతు పెట్టండి. a ఉంటే వాడు ఒక a ని v అంటాడు. ఎన్ని రాసినా మిగతా మూడూ సమానమే, ఉన్న ఒక్క a నీ తీసేస్తే i = 0, అప్పుడు అంతా చెల్లుతుంది. a లేకపోతే ఏ అక్షరాన్ని పంప్ చేసినా తప్పులేదు. ప్రతిసారీ వాడే గెలుస్తాడు. అయినా ఈ లాంగ్వేజ్ కాంటెక్స్ట్ ఫ్రీ కాదు. ఇలాంటి చోట 1968లో వచ్చిన ఆగ్డెన్ లెమ్మా పనికొస్తుంది, మనం గుర్తుపెట్టిన అక్షరాలు తగిలేలా కోయక తప్పని పరిస్థితి వాడికి తెస్తుంది. అంతదూరం కూడా వెళ్లక్కర్లేదు. కాంటెక్స్ట్ ఫ్రీ లాంగ్వేజ్‌ని రెగ్యులర్ లాంగ్వేజ్‌తో ఇంటర్‌సెక్ట్ చేస్తే కాంటెక్స్ట్ ఫ్రీయే రావాలి. దీన్ని ab*c*d* తో ఇంటర్‌సెక్ట్ చేయండి. మిగిలేది abⁿcⁿdⁿ. ముందున్న ఆ ఒక్క a వాడికి ఎందుకూ కొరగాదు. దాన్ని పంప్ చేస్తే లాంగ్వేజ్ బయటికి పోతాడు, దాన్ని ముట్టుకోకపోతే bᵖcᵖdᵖ ముందు కూర్చోవాలి.