గ్రాఫు కదల్లేదంటే రేటు కదల్లేదని కాదు మామా
మా పలమనేరు మామ పోయిన వారం, నేను గీసే టమోటా రేట్ల గ్రాఫు చూసి ఫోన్ చేసి "ఏం నాయనా, టమోటా రేటు తొమ్మిది రోజులుగా గీత గీసినట్టు నిలకడగా ఉండాదే, కోత రెండ్రోజులు ఆపొచ్చా" అన్నాడు. టమోటా రేటు తొమ్మిది రోజులు నిలకడగా ఉండడం ఎవరైనా చూసినారా? అప్పుడు వెలిగింది నాకు, తప్పు నా గ్రాఫుదే అని.

జరిగిందేమంటే, నేను రేట్లు తీసుకునే పోర్టల్ వాళ్ళు రోజూ పెట్టే ఫైల్ ఆపేసి, వారానికోసారి మంగళవారం, అంతకుముందు ఆదివారం వరకు లెక్క, వేరే ఫోల్డర్‌లో పెట్టడం మొదలుపెట్టినారు. ఒక నోటీసన్నా పెట్టుండొచ్చు, పెట్టలేదు. పాత ఫైల్ తీసేసుంటే నా స్క్రిప్ట్ పొద్దున 7కే 404 అని అరిచుండేది, వీళ్ళు దాన్ని అట్నే వదిలేసినారు. అందుకని రోజూ డౌన్‌లోడ్ సక్సెస్, స్టేటస్ 200. దానికి తోడు ఖాళీ రోజులకి పాత రేటే నింపమని `ffill()` పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

కోవిడ్ లెక్కల్లోనూ ఇదే కథ. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2023 మార్చి 10న అప్‌డేట్ ఆపినారు, ముందే చెప్పే ఆపినారులే, కానీ ఫైల్స్ ఆ తర్వాత కూడా హాయిగా డౌన్‌లోడ్ అయ్యేవి.

కాబట్టి ఇప్పుడు ఫైల్ వచ్చిందా లేదా అని కాదు, ఫైల్ లోపలి ఆఖరి తేదీ ఎంత పాతదో చూస్తా ఉండా:

```
age = (today - df["date"].max()).days
if age > max_age:
    alert(age)
```

ఈ `max_age` దగ్గరే మళ్ళీ దెబ్బ తిన్నా. వారానికోసారి కదా అని 7 పెట్టినా, సోమవారమే అలారం మోగింది. లెక్క చూడండి: ఆదివారం వరకు డేటా మంగళవారం వస్తుంది, మళ్ళీ వచ్చే మంగళవారం కొత్త ఫైల్ ఎక్కే ముందు ఆ డేటా వయసు 9 రోజులు, అందులో తప్పేం లేదు. ఒక రోజు ఆలస్యానికి కలిపి 10 పెట్టినా.

పాత గ్యాపులు చూసి ఆ అంకె దానంతటదే నేర్చుకునేలా రాయొచ్చు కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు. నాకు నచ్చలేదు. రేపు వాళ్ళు వారం నించి నెలకి జారినా స్క్రిప్ట్ ఊరికే అలవాటు పడిపోతుంది, నాకు తెలిసేదెట్లా? చేత్తో రాసిన అంకె అయితే కనీసం మోగుతుంది.

ఫైల్ లింక్ కూడా కోడ్‌లో రాయకుండా, ముందు లిస్టు పేజీ చదివి అందులో కొత్త ఫైల్‌ని వెతుక్కునేలా మార్చినా. ఆ పేజీ డిజైన్ మారితే అదీ పోతుంది, కానీ లింక్ దొరకలేదని అరిచి పోతుంది. వారం ఫైల్లో పాత రోజుల రేట్లు కూడా సవరించి పెడతా ఉండారు, అందుకని కిందికి అతికించకుండా తేదీ, మార్కెట్, రకం మూడూ కలిసిన చోట పాతదాని మీదే రాస్తా ఉండా.

`ffill()` పీకేసినా. డేటా లేని రోజు గ్రాఫులో ఖాళీనే, పైన పెద్దక్షరాల్లో "ఈ తేదీ వరకే" అని. ఏ రోజు రేటు ఆ రోజు మాత్రం ఇంక రాదు, దాన్ని ఏ కోడూ తెప్పించలేదు. మామకి అదే చెప్పినా, కోత సంగతి మండీకి ఫోన్ కొట్టి కనుక్కోమని.