ఎలుక కాదండీ, బూటు

నిన్నటి నుంచీ మా వారు నా ముందు 'నాణ్యత' అన్న మాట ఎత్తడం లేదు. ఎత్తితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. కానీ నవ్వు ఆపుకోలేక మాటిమాటికీ వంటింట్లోకి వచ్చి మంచినీళ్లు తాగుతున్నారు. అన్ని నీళ్లు తాగే మనిషి కాదాయన. జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తే నయం.

2020 మార్చి మొదట్లో బీసెంట్ రోడ్డులో ఒక చెప్పుల కొట్టువాళ్లు డిస్కౌంటు పెట్టారు. మా పెద్దాడికి అప్పుడు ఏడేళ్లు. వాడికి సరిపోయే సైజు 1 జత ఒకటి, ఎలాగూ పెరుగుతాడని సైజు 2 జత ఒకటి, రెండూ నల్ల బూట్లే, తెచ్చాను. మూడు వారాలు తిరక్కుండానే లాక్‌డౌన్. వాడి కాళ్లు ఇంట్లో కూర్చునే రెండు సైజులూ దాటేశాయి. బూట్లు అటకెక్కాయి. ఈ జూన్‌కి మా చిన్నాడి కాలు సైజు 1కి వచ్చింది. పూర్వకథ ఇంతే.

ఇక నా పాండిత్యం గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన దాంట్లో రుచి ఉండదు. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి మే నెలా ఏ బూట్లు ఎక్కువ కాలం వస్తాయన్న గొడవ నడుస్తుంది. ఒకరు లిబర్టీ అంటారు, ఇంకొకరు పారగాన్ అంటారు, మా మామగారు బాటా తప్ప మిగతావి బూట్లే కావంటారు. బాటా బెంగాలీల కంపెనీ అని ఆయన గట్టి నమ్మకం. కోల్‌కతా పక్కన బాటానగర్ ఉంది కదా అని వాదిస్తారు. అది 1894లో ఇప్పటి చెక్ దేశంలోని జ్లిన్ అనే ఊళ్లో పుట్టిందని నేను చెబితే, "పుట్టడం ఎక్కడైనా పుట్టొచ్చు, పెరిగిందెక్కడో చూడాలమ్మా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నేను మాత్రం పేర్ల జోలికి పోకుండా నోట్‌బుక్ పెట్టాను. ఏ జత ఎప్పుడు కొన్నాం, ఎక్కడ పోయింది, అడుగు దేనితో చేసింది, అన్నీ అందులో ఉంటాయి. నాలుగేళ్లు రాశాక తేలిందేమిటంటే, అసలు పోటీ కంపెనీల మధ్య కాదు, బూటుకీ కాలికీ మధ్య. మన దగ్గర దొరికే స్కూలు బూట్లకు ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఈ వయసు పిల్లాడు ఏడాదికి ఇంచుమించు ఒక సైజు పెరుగుతాడు. కొనేటప్పుడు ముందు బొటనవేలు మందం ఖాళీ వదిలితే పది నెలలు, బాగా అదృష్టముంటే ఏడాది. ఆ తర్వాత అది ఎంత గట్టి బూటయినా పనిమనిషి మనవడికి పోవాల్సిందే. అంతకంటే ముందే చచ్చిపోయేవి రెండు రకాలే. గమ్ముతో అడుగు అంటించినవి ముందు వైపు నోరు తెరుస్తాయి. రెండోది మా పెద్దాడి రకం. సైకిల్‌కి రెండు బ్రేకులుండగా కాలి మునివేళ్లతో ఆపుతాడు, కాబట్టి మడమ కొత్తగా ఉండగానే ముందు తోలు తెల్లబడి చిరుగుతుంది. అలాంటివాడికి ముందు వైపు రబ్బరు అంచు పైకెక్కి ఉన్న బూటు కొనాలి. కంపెనీ ఏదైతేనేం.

అడుగుల్లో పీవీసీ అనేది బరువుగా, మెరుస్తూ, కొత్తలో ప్లాస్టిక్ బొమ్మ వాసన వేస్తూ ఉంటుంది. పీయూ అనేది తేలిగ్గా, మెత్తగా, మెరుపు లేకుండా ఉంటుంది, ధర కూడా ఎక్కువ. నడిస్తే త్వరగా అరగదు. అందుకే నా నోట్‌బుక్‌లో పీయూ అన్న మాట కింద ఎర్రపెన్నుతో రెండు గీతలున్నాయి. అటక మీదవి పీయూ. పేరున్న కంపెనీవి. పెట్టెలో, పెట్టె మళ్లీ ప్లాస్టిక్ కవర్లో, కవరుకు రబ్బరు బ్యాండు. అంత శ్రద్ధగా మా అత్తగారిచ్చిన పట్టుచీర కూడా దాచలేదు.

జూన్ 12, బళ్లు తెరిచిన రోజు. చిన్నాణ్ని రెండో తరగతిలో దింపి, యూనిఫాం గుడ్డ తీసుకుందామని కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డాను. మా బడిలో గళ్ల గుడ్డ వాళ్ల దగ్గరే కొనాలి. బయట ఏ కొట్లోనూ ఆ గళ్లు దొరకవు, దొరికేలోగా గళ్లు మార్చేస్తారు. మామూలుగా మంచి మిల్లు గుడ్డకు అంచు మీద పేరు వరసగా అచ్చేసి ఉంటుంది, మఫత్‌లాల్ అనో సియారామ్స్ అనో. పాలిస్టర్ ఎంతో, కాటన్ ఎంతో కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఈ గుడ్డ అంచు మీద ఏమీ లేదు. "ఇది ఏ మిల్లుదండీ?" అనడిగాను. "స్కూలుదే మేడం" అన్నాడు కౌంటర్ అబ్బాయి. అక్కడికి బడి వెనక మగ్గాలున్నట్టు.

నిరుడు ఈ గుడ్డలోంచే ఒక దారం పీకి ఇంట్లో స్టవ్ మీద కాల్చి చూశాను. కాటన్ అయితే కాగితంలా మండి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి చివర గట్టి నల్లపూస కట్టింది, అంటే దాదాపు అంతా పాలిస్టరే. చిరగదు, కుంచించుకుపోదు, కానీ జూన్ ఉక్కపోతలో పిల్లాడు లోపల ఇడ్లీలా ఉడుకుతాడు. ఆ కథ వేరు. ఈ లెక్చరంతా నా వెనక నిలబడ్డ ఒకావిడకు చెబుతున్నాను. పాపం ఆవిడ వినక తప్పని చోట నిలబడింది. టైలరుతో లాగుకు లోపల మూడంగుళాల మడత వేయించమనీ, ఏటా ఒకటి దింపుకోవచ్చనీ, పాత మడత దగ్గర ముదురు గీత పడి నిరుడు పిల్లాడు ఎంత ఉండేవాడో అందరికీ చెబుతుందే గానీ డబ్బు మిగులుతుందనీ చెప్పాను. ఆవిడ మర్యాదకు, "మరి బూట్లో?" అంది.

అడగకుండా ఉండాల్సింది.

"బూట్లయితే పీయూ అడుగే కొనండి. మా వాడివి చూడండి, అయిదేళ్ల కిందట కొన్నవి. కొత్త వాటిలా లేవూ?" అంటూ వరండాలోకి చెయ్యి చూపించాను. సరిగ్గా అప్పుడే చిన్నాడు క్లాసులోంచి నన్ను వెతుక్కుంటూ వస్తున్నాడు. వాడి వెనక నేల మీద నల్లటి ముక్కలు, వేలి గోరంతవి, క్లాసు గుమ్మం నుంచి వాడి కాలి దాకా వరసగా పడి ఉన్నాయి. వాటికి కాస్త వెనకగా ఆయమ్మ చీపురుతో వస్తోంది. ఆవిడ చూపు మా వాడి మీద లేదు, గోడ మూలల మీద ఉంది.

"ఎంత ఎలకో!" అంటోంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆయమ్మ ఒక ముక్కను చీపురు పుల్లతో దొర్లించి చూసి, దాని సైజును బట్టి ఎలుక సైజు అంచనా వేస్తోంది. పందికొక్కే అయ్యుంటుందని తేల్చింది. వరసలో ఇద్దరు తల్లులు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకున్నారు. మా వాడు మాత్రం ఏదో గొప్ప పని కనిపెట్టినట్టు మొహం వెలిగిపోతూ, ప్రతి అడుగూ కావాలని గట్టిగా వేస్తున్నాడు. వేసినప్పుడల్లా మడమ నుంచి ఇంకో ముక్క. టీలో ఎక్కువసేపు ఉంచిన రస్కు ఎలా జారిపోతుందో తెలుసుగా, అచ్చం అలా. నా దగ్గరికి వచ్చేసరికి కుడి అడుగు మొత్తం ఊడి వెనకే ఉండిపోయింది, కుడికాలు ఎడమకాలి కంటే అంగుళం పొట్టిదైంది. వాడు కుంటుకుంటూ వెనక్కి పోయి, ఆ అడుగును తెచ్చి, సరిగ్గా అప్పుడే బయటకొచ్చిన ఇన్‌చార్జ్ మేడంకు పైకెత్తి చూపించాడు.

"ఇది మా అన్నది మేడం. అమ్మ దాచింది."

ఆవిడ ఆ అడుగు వైపూ, నా చేతిలో ఉన్న నోట్‌బుక్ వైపూ చూసింది. నోట్‌బుక్ ఎందుకు తీసుకెళ్లావని మా వారు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పదలుచుకోలేదు.

సాయంత్రం మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళితే, ఆయన చేతిలోకి కూడా తీసుకోకుండా చెప్పాడు. "ఇది వాడకుండా పెట్టినా పోతుందమ్మా. తేమ తగిలి లోపల్నుంచి కుళ్లిపోద్ది." ఆయన చెప్పింది నిజమే. పీయూ అడుగుల్లో చాలావాటికి గాలిలోని తేమే శత్రువు. అది మెల్లగా ఆ పదార్థం లోపలి గొలుసుల్ని తెంపుతూ ఉంటుంది, వేడిలో ఇంకా త్వరగా. నేను ప్లాస్టిక్ కవర్లో కట్టి వేసవి అటక మీద పెట్టింది బూట్లను కాదు, తేమతో సహా బూట్లను. పైకి మాత్రం కొత్తగానే కనిపిస్తాయి. దాచిన బూటు అంచు మీద గోరుతో గట్టిగా నొక్కి చూస్తే తెలుస్తుందట. నొక్కు అలాగే ఉండిపోయినా, జిగటగా తగిలినా, పొడి రాలినా దాని పని అయిపోయినట్టే. నేను హీనంగా చూసే పీవీసీకి ఈ రోగం లేదు. ఏళ్లకేళ్లు పడుంటే గట్టిపడి పగుళ్లు రావచ్చు గానీ రస్కు కాదు.

ఇదంతా సాయంత్రం సంగతి. పొద్దున మాత్రం ఆ కౌంటర్ అబ్బాయి నవ్వకుండా, "మన దగ్గరే ఉన్నాయి మేడం" అని ఒక పెట్టె తీశాడు. పీవీసీ అడుగు, గమ్ము అంటింపు, వాళ్లు చెప్పిందే ధర. సైజు 1 అయిపోయిందట, 2 అయిపోయిందట, 3 ఉందట. బళ్లు తెరిచిన మొదటిరోజు ఎనిమిదిన్నరకే రెండు సైజులు ఎలా అయిపోతాయో ఎవరైనా చెప్పాలి. చెప్పేవాళ్లెవరూ లేక కొన్నాను. ముందు భాగంలో దూది కుక్కి తొడిగితే మా వాడు నడుస్తుంటే ఇద్దరు నడుస్తున్న చప్పుడు వస్తోంది. నా వెనక నిలబడ్డావిడ తన వంతు రాగానే, "పీవీసీవే ఇవ్వండి" అంది, నా వైపు చూడకుండా.

రాత్రి అన్నాలయ్యాక మా వారు మళ్లీ వంటింట్లోకి వచ్చారు. గ్లాసు తీసుకున్నారు, నీళ్లు పోసుకున్నారు, తాగలేదు.

"అటక మీద ఇంకా సైజు 2 జత ఉండాలి కదూ?" అన్నారు.