ఆర్‌ఎఫ్ విలువ పెద్దదైతే పృథక్కరణ బాగున్నట్టేనా?

సిలికా పూసిన పలకపై ద్రావణిని పైకి పాకించి మిశ్రమంలోని పదార్థాలను విడదీసే పద్ధతి టీఎల్‌సీ, అంటే పలుచని పొర క్రొమటోగ్రఫీ. దాని ఫలితాల గురించి ఒక వాదన ఇలా ఉంటుంది:

“టీఎల్‌సీలో ఆర్‌ఎఫ్ విలువ ఎంత ఎక్కువ వస్తే పృథక్కరణ అంత బాగా జరిగినట్టు. రెండు మచ్చల విలువలు వేరుగా ఉంటే చాలు, పూర్తిగా విడిపోయాయని ఫలితాల్లో రాసేయొచ్చు. పుస్తకంలోని విలువతో కలిస్తే అది ఆ పదార్థమే.”

మొదటి వాక్యంలోని పొరపాటుకు కొంతవరకు ఆర్‌ఎఫ్ అన్న పేరే కారణం. దాన్ని రిటెన్షన్ ఫ్యాక్టర్ అంటారు గానీ, పదార్థాన్ని పలక ఎంత గట్టిగా పట్టి ఉంచితే ఆ సంఖ్య అంత తగ్గుతుంది. మచ్చ మధ్యబిందువు బయలుదేరిన గీత నుంచి ఎంత దూరం వెళ్లిందో కొలిచి, ద్రావణి అంచు అదే గీత నుంచి వెళ్లిన దూరంతో భాగిస్తే వచ్చేదే ఈ విలువ. 0.95 వచ్చిందంటే ఆ పదార్థం సిలికా మీద దాదాపు ఆగనేలేదు, ద్రావణితోపాటు కొట్టుకుపోయింది. మిశ్రమంలోని పదార్థాలన్నీ అలాగే పైకి చేరితే అక్కడ జరిగింది పృథక్కరణ కాదు. పైగా ఆర్‌ఎఫ్ ఒక్క మచ్చకు చెందిన సంఖ్య. పృథక్కరణ రెండు మచ్చల మధ్య సంబంధం. ఒకదాన్ని చూసి రెండోదాన్ని తేల్చడం కుదరదు.

రెండో వాక్యం చూడటానికి సబబుగానే ఉంటుంది, అందుకే ఎక్కువ మందిని తప్పుదారి పట్టిస్తుంది. బెంజోఫినోన్‌ను సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరించి బెంజ్‌హైడ్రాల్ చేస్తున్న ప్రయోగాన్ని తీసుకుందాం. ఆల్కహాల్‌లోని హైడ్రాక్సిల్ సమూహం సిలికాతో హైడ్రోజన్ బంధం ఏర్పరచి గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి అది కింద, కీటోన్ పైన కనిపిస్తాయి. హెక్సేన్, ఇథైల్ అసిటేట్ సమపాళ్లలో కలిపి పలకను నడిపితే ద్రావణి 60 మి.మీ. ఎక్కిందని, కీటోన్ 48 మి.మీ., ఆల్కహాల్ 44 మి.మీ. దగ్గర ఆగాయని అనుకుందాం. విలువలు 0.80, 0.73. కాగితం మీద రెండూ వేర్వేరు సంఖ్యలే. కానీ మచ్చల నిలువు వెడల్పులు 6 మి.మీ., 5 మి.మీ. అయితే వాటి కేంద్రాల మధ్య ఉన్నది 4 మి.మీ. మాత్రమే, అంటే ఒకదాని అంచు మరొకదాని మీదికి ఎక్కింది. ఆ ఎడాన్ని రెట్టింపు చేసి వెడల్పుల మొత్తంతో భాగిస్తే వచ్చే రిజల్యూషన్ సుమారు 0.7. ఇది 1 కంటే తక్కువ ఉన్నంతవరకు మచ్చలు ఒకదానిపై ఒకటి పడినట్టే, 1.5 దాటితే మధ్యలో ఖాళీ స్పష్టంగా కనబడుతుంది.

ఇప్పుడు ధ్రువత తగ్గించి, హెక్సేన్ నాలుగు పాళ్లు, ఇథైల్ అసిటేట్ ఒక పాలుగా నడిపాం. కీటోన్ 36 మి.మీ., ఆల్కహాల్ 21 మి.మీ. దగ్గర నిలిచాయి, వెడల్పులు రెండూ 5 మి.మీ. విలువలు 0.60, 0.35కు పడిపోయాయి, రిజల్యూషన్ మాత్రం 3కు పెరిగింది. ఆర్‌ఎఫ్ తగ్గి పృథక్కరణ మెరుగుపడటాన్ని ఈ వాదన ఎలా వివరిస్తుంది? నమూనా ఎక్కువ వేసినా మచ్చలు ఒకదానిపై ఒకటి పడే చిక్కు వస్తుంది: మచ్చ తోకలా సాగుతుంది, దాని మధ్యబిందువును గుర్తించడమే కష్టమవుతుంది. అలాంటప్పుడు ద్రావణిని మార్చే ముందు నమూనాను పలుచన చేసి చూడాలి.

ఫలితాల పేరాలో “మంచి పృథక్కరణ లభించింది” అన్న వాక్యం చదువరికి ఏమీ చెప్పదు. ఈ ప్రయోగానికి నేనైతే ఇలా రాస్తాను: “సిలికా జెల్ పలకపై హెక్సేన్–ఇథైల్ అసిటేట్ (4:1) ద్రావణిలో చర్యా మిశ్రమం 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కింద రెండు మచ్చలను చూపింది (ఆర్‌ఎఫ్ 0.60, 0.35). మచ్చలు గుండ్రంగా, ఒకదానినొకటి తాకకుండా ఉన్నాయి. పై మచ్చ పక్కనే నడిపిన బెంజోఫినోన్ మచ్చతో ఒకే ఎత్తులో ఉన్నందున, క్రియాజనకం ఇంకా మిగిలి ఉన్నట్టు తోస్తోంది.” రెండు దశాంశ స్థానాలు చాలు. 60 మి.మీ. పలక మీద స్కేలుతో ఒక మిల్లీమీటరు పొరపడితేనే విలువ దాదాపు 0.02 మారుతుంది, ప్రయోగ పుస్తకాల్లో 0.6033 వంటి అంకెలు కనబడితే అవి కాలిక్యులేటర్‌వే గాని పలకవి కావు.

ఇక పుస్తకంలోని విలువతో పోలిక. సిలికా పీల్చుకున్న తేమ, పొర మందం, పాత్రలో ఆవిరి ఎంతమేర నిండింది, ద్రావణి నిష్పత్తి, ఇవన్నీ ఆ విలువను జరుపుతాయి. కాబట్టి పోల్చదలచిన పదార్థాన్ని అదే పలకపై పక్కన నడపాలి. మధ్య వరుసలో రెండింటినీ ఒకే చోట వేయాలి. ఆ వరుసలో రెండు మచ్చలుగా విడిపోతే అవి వేర్వేరు పదార్థాలని చెప్పవచ్చు. ఒకే మచ్చగా ఉంటే “అదే పదార్థం” అని కాక, “ఈ ద్రావణిలో తేడా కనబడలేదు” అని మాత్రమే రాయగలం. నిర్ధారణను ద్రవీభవన స్థానానికో వర్ణపటానికో వదలాలి.