సగం లోడు లెక్క ఎక్కడ తప్పుతోంది

“ఇంట్లో ఉన్నవాటి వాట్లన్నీ కూడండి. మోటారుకి హెచ్‌పీకి 746 వేసుకోండి. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి అందులో సగం చాలు. లోడు అంతకన్నా తక్కువే రాయించుకోండి, బిల్లు మిగులుతుంది. మెయిన్‌కి 2.5 వైరు సరిపోతుంది. ఎంసీబీ పడిపోతుంటే పెద్దది పెట్టించండి.”

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన వాట్సాప్ గ్రూపుల్లో ఇది తిరుగుతూనే ఉంది. ఇందులో సగం నిజం ఉంది, ప్రమాదమూ అందులోనే ఉంది.

ముందు మోటారు సంగతి. 746 వాట్లు అన్నది మోటారు బయటికిచ్చే పని. లైనులోంచి లాగేది అంతకన్నా ఎక్కువ, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ పంపుకి సుమారు 1100 వాట్లు. దీన్నైనా 230తో భాగించి ఆంప్స్ తేల్చేస్తే తప్పే, ఎందుకంటే మోటారు పవర్ ఫ్యాక్టర్ తక్కువ, అంటే అవే వాట్లకి అది ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. నేమ్ ప్లేటు చూస్తే చాలా పంపుల మీద 7 ఆంప్స్ దగ్గర రాసి ఉంటుంది. ఆ అంకెనే తీసుకోవాలి.

ఇక సగం లెక్క. మామూలు రెండు బెడ్‌రూముల ఇల్లు తీసుకుందాం. లైట్లకి 100, నాలుగు ఫ్యాన్లకి 300, టీవీకి 100, ఫ్రిజ్‌కి 200, ఒకటిన్నర టన్ను ఏసీకి 1700, గీజర్‌కి 2000, మోటారుకి 1100, మిక్సీకి 750, ఇస్త్రీపెట్టెకి 1000, వాషింగ్ మెషీన్‌కి 500. మొత్తం 7750 వాట్లు. సగమంటే 3900 లోపే.

ఇప్పుడు చలికాలం పొద్దున్న ఏడు గంటలకి ఆ ఇంట్లోకి వెళ్దాం. గీజర్ ఆన్‌లో ఉంది, ట్యాంకు నిండడానికి మోటారు నడుస్తోంది, వంటింట్లో చట్నీకి మిక్సీ తిరుగుతోంది, ఒకరు యూనిఫారం ఇస్త్రీ చేస్తున్నారు. ఫ్రిజ్, లైట్లు కలుపుకుంటే 5150 వాట్లు. మోటారు కాక మిగిలిన 4050కి 18 ఆంప్స్, మోటారుకి 7, మొత్తం 25. ఏసీ ఆగే ఉంది, అయినా సగం దాటిపోయింది. వందిళ్లు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సగటు పనిచేస్తుంది గానీ ఒక్క ఇంట్లో అందరికీ తొందర ఒకే వేళకి వస్తుంది. అందుకే శాతాలు కొట్టకుండా, ఏ గంటకి ఏవేవి కలిసి నడుస్తాయో కాగితం మీద రాసుకుని, అన్నిటికన్నా బరువైన గంటని పట్టుకోవాలి.

కరెంటు ఆఫీసులో మీ పేరున రాయించుకునే శాంక్షన్డ్ లోడుకి 7.75 కిలోవాట్లు అక్కర్లేదు. మీటరు రాసే గరిష్ఠ డిమాండ్ క్షణానిది కాదు, పావుగంటకో అరగంటకో తీసే సగటు. మిక్సీ అయిదు నిమిషాల్లో ఆగుతుంది, గీజర్ థర్మోస్టాట్ మధ్యలో కట్ చేస్తుంది. ఈ ఇంటికి 5 కిలోవాట్లు సరిపోతాయి. 1 కిలోవాట్ రాయించుకుని దాచేద్దామంటే స్మార్ట్ మీటరు దగ్గర కుదరదు. 2023లో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం డిమాండ్ శాంక్షన్డ్ లోడుని దాటిన నెలకి బిల్లు నమోదైన డిమాండ్ మీదే లెక్కిస్తారు. ఆర్థిక సంవత్సరంలో మూడుసార్లు దాటితే లోడే పెంచుతారు.

వైరు మాత్రం సగటుని చూడదు, ఆ 25 ఆంప్స్‌ని నిజంగా మోయాలి. పైపులో వేసిన 2.5 చదరపు మి.మీ. రాగి వైరు మోసేది 20 పైచిలుకు. ఎండకి కాలే గోడలో అది ఇంకా తగ్గుతుంది. 4 అయితే 28 దగ్గర, అంటే అంచు మీద నిలబడ్డట్టే. 6 వేస్తే దాదాపు 36, ఊపిరాడుతుంది. దూరం కూడా చూడాలి. మీటరు గేటు దగ్గర, ఇల్లు 30 మీటర్ల లోపల ఉంటే 2.5 వైరులో 13 వోల్టుల దాకా పోతాయి. 6లో అయిదారే. సాయంత్రాలు ఎలాగూ వోల్టేజీ పడే ఊళ్లలో ఆ తేడాకే మోటారు తిరగకుండా మూలుగుతుంది. అల్యూమినియం వేయించేవాళ్లకి ఒక్క మాట: 6 రాగికి సమానమైన నిరోధం కావాలంటే 10 అల్యూమినియం వేయాలి. దాన్ని రాగితో ఊరికే మెలితిప్పి కలపకండి, ఆ అతుకే ముందు కాలుతుంది.

ఇక చివరి సలహా, అన్నిట్లోకీ చెడ్డది అదే. ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడ్డానికి. వరుస ఇలా ఉండాలి: ఇంటి కరెంటు 25, ఎంసీబీ 32, వైరు మోయగలిగేది 36. ఇళ్లలో వాడే ఎంసీబీ తన రేటింగుకి 1.13 రెట్ల దాకా గంటైనా పడదు. అంటే 2.5 వైరు మీద 40 పెడితే 45 ఆంప్స్ పోతున్నా అది కిమ్మనదు, వైరు మాత్రం లోపల ఉడుకుతూ ఉంటుంది. ముందు మెయిన్ బోర్డు స్క్రూల దగ్గర ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కుతుంది, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. అరగంట నడిచాక పడే ఎంసీబీ ఓవర్‌లోడు చెబుతోంది: ఇస్త్రీ, గీజర్ వేళలు మార్చండి, లేదా వైరూ ఎంసీబీ రెండూ కలిపి పెంచండి. పైకెత్తగానే పడితే అది షార్టు. అప్పుడు ఏ సైజు మార్చినా లాభం లేదు, తప్పు ఎక్కడుందో ఎలక్ట్రీషియన్‌తో వెతికించాల్సిందే.