గ్యాలరీలో ఫోటో ఉంటే లైసెన్స్ ఉన్నట్టు కాదు

మొన్న ఆదివారం తార్నాక దగ్గర మా తమ్ముడికి చలాన్ పడింది. హెల్మెట్ పెట్టుకున్నాడు, స్పీడుగా పోలేదు, ఇంట్లో లైసెన్స్ కార్డు కూడా ఉంది. కానీ చెకింగ్‌లో ఆపినప్పుడు ఫోన్ గ్యాలరీలో ఉన్న లైసెన్స్ ఫోటో చూపించాడు. ఇది చెల్లదంటే, "డిజిటల్ కాపీ చెల్లుతుందని గవర్నమెంటే చెప్పింది కదా సార్" అని ఇరవై నిమిషాలు గొంతు పెంచి వాదించాడు. వాడు అన్నదాంట్లో సగమే నిజం. మిగతా సగం తెలియనివాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

2018 నవంబరులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ రూల్ మార్చారు. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్‌ని కాగితం మీదైనా ఎలక్ట్రానిక్ రూపంలోనైనా చూపించొచ్చు. 2020 అక్టోబర్ 1 నుంచి ఇంకో మాట చేర్చారు, ఎలక్ట్రానిక్‌గా సరిచూసుకుని సరైనవే అని తేలితే ఒరిజినల్ అడగకూడదు. ఇక్కడ అసలు విషయం ఆ సరిచూసుకోవడమే. గ్యాలరీలోని ఫోటోని ఎలా సరిచూస్తారు? ఎవరైనా పేరు మార్చి పెట్టుకోవచ్చు, లైసెన్స్ సస్పెండ్ అయినా ఫోటో మాత్రం అలాగే ఉంటుంది. పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో రవాణా శాఖ రికార్డు నుంచి నేరుగా వచ్చిన పత్రం వేరు, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేసి చూసుకోవచ్చు.

డిజీలాకర్ ఉన్నవాళ్లు కూడా ఇక్కడే పొరపాటు చేస్తున్నారు. అందులో Issued అని ఒకటి, Drive అని ఒకటి ఉంటాయి. మనమే ఫోటో తీసి Drive లో ఎక్కిస్తే అది మళ్లీ ఫోటోనే, యాప్‌లో ఉన్నంత మాత్రాన ఒరిజినల్‌తో సమానం కాదు. లైసెన్స్ నంబర్ కొట్టి శాఖ దగ్గర నుంచి తెప్పించుకుంటే అది Issued లోకి వస్తుంది, చూపించాల్సింది అదే.

డిజీలాకర్‌లోకి లైసెన్స్ తెప్పిద్దామని తమ్ముడితో ఆ రాత్రే కూర్చున్నా. లైసెన్స్ రాలేదు, పేరు సరిపోలట్లేదని వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, లైసెన్స్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంది. మన తెలుగువాళ్లలో ఎంతమందికి ఇదే గొడవో! ఇక బండి మా నాన్న పేరు మీద ఉంది కాబట్టి ఆర్‌సీ వీడి ఖాతాలోకి రాదు. కేంద్ర రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్ మీద కూడా మన తెలంగాణవాళ్లు గుడ్డిగా ఆధారపడొద్దు, మన రాష్ట్రం చాలా ఏళ్లు కేంద్రం వ్యవస్థలో చేరకుండా తన సొంత వ్యవస్థే నడిపింది, అందుకే చాలా బండ్ల వివరాలు అందులో కనపడేవి కావు. 2016లో తెలంగాణ రవాణా శాఖే ఆర్‌టీఏ ఎం-వాలెట్ అనే యాప్ తెచ్చింది, అదీ ప్రయత్నించొచ్చు. ఏదీ కుదరకపోతే కార్డు జేబులో పెట్టుకోవడమే. మేం చివరికి ఆర్‌సీ కార్డు, లైసెన్స్ కార్డు రెండూ వాడి పర్సులోనే పెట్టించాం.

ఆపినప్పుడు ఎలా ఉండాలో కూడా చెప్పాలి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించడం చట్ట ప్రకారం మన బాధ్యత (మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్). చెయ్యి ఎత్తగానే ఇండికేటర్ వేసి ఎడమకి తీసి, ఇంజన్ ఆపి, ఆ తర్వాతే ఫోన్ తియ్యండి. బండి కదులుతుండగా ఫోన్ తీస్తే అదే ఇంకో కేసు. పక్కకి తప్పించుకుని పోవడం, యూటర్న్ కొట్టడం మాత్రం వద్దే వద్దు, వెనకాల వచ్చే బస్సు కింద పడేది మనమే. పత్రం తెరిచి స్క్రీన్ చూపిస్తూ "సార్, డిజీలాకర్‌లో ఉంది, స్కాన్ చేసుకోండి" అంటే చాలు, అన్‌లాక్ చేసిన ఫోన్ చేతికి ఇవ్వాల్సిన పని లేదు. సిగ్నల్ లేనిచోట యాప్ తెరుచుకోక టెన్షన్ పడేవాళ్లని చాలామందిని చూశా, అందుకే నెట్‌ని నమ్ముకుని కార్డులు ఇంట్లో వదిలేయకండి.

ఒప్పుకోకపోతే? కొందరు ఇప్పటికీ ఒరిజినలే కావాలంటారు, అది తప్పే, నాకూ కోపం వస్తుంది. కానీ రోడ్డు మీద అరిచి గెలిచినవాడిని నేను చూడలేదు. 139వ రూల్ అని ఒకసారి మర్యాదగా చెప్పండి, అక్కడున్న ఎస్సై గారిని చూడమని అడగండి. అయినా చలాన్ రాస్తే అందులో ఏ తప్పు రాశారో చదివి, ఆ సమయానికి Issued లో పత్రం ఉన్న స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, తర్వాత అభ్యంతరం చెప్పండి. మా తమ్ముడికి ఆ దారి లేదు, వాడి దగ్గర చూపించడానికి ఫోటో తప్ప ఏమీ లేదు, చలాన్ కట్టేశాం.

ఆ రాత్రి అన్నీ తిరగేస్తుంటే ఇంకోటి బయటపడింది, బండి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు రెండు నెలల కిందటే అయిపోయింది. ఆదివారం దాన్ని ఎవరూ అడగలేదు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పోయే ముందు పెట్రోల్ బంకు దగ్గర పొల్యూషన్ వ్యాన్ ముందు నిలబెట్టి కొత్తది తీయించాం.