రిలే వద్దన్నప్పుడు

ఖరీఫ్‌కు నీళ్లెత్తే రోజుల్లో ఎత్తిపోతల పంప్‌హౌస్‌లో పెద్ద మోటారు ఒకటి ట్రిప్ అయిందంటే, ఎందుకు ఆగిందని అడిగేవాళ్లకంటే మళ్లీ ఎప్పుడు ఆన్ చేస్తారని అడిగేవాళ్లే ఎక్కువ. పైనుంచి ఫోన్లు, కాలువ చివర రైతుల ఆందోళన. ఆ టెన్షన్‌లో ప్యానెల్ ముందు నిలబడ్డ ఇంజినీరుకు తేలిగ్గా అందేది, మోటారుకు ప్రమాదం పసిగట్టి దాన్ని ఆపేసే రిలే సెట్టింగే. అంకె కాస్త పెంచితే ట్రిప్పులు ఆగిపోతాయి. మోటారు మాత్రం ఆ సీజన్‌లోనో, మరుసటి సీజన్‌లోనో కాలుతుంది. అప్పుడు నెపం మోటారు మీదకో, కరెంటు సరఫరా మీదకో పోతుంది. ఈ అలవాటుకు అడ్డుకట్ట వేయాల్సిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాం.

ఒక మోటారు లెక్క చూద్దాం. 2,000 కిలోవాట్లు, 6.6 కేవీ, ఇండక్షన్ రకం. (కాళేశ్వరం ప్రాజెక్టు గాయత్రీ పంప్‌హౌస్‌లోని 139 మెగావాట్ల మోటార్లు సింక్రనస్ రకం కాబట్టి వాటి లెక్క వేరు.) ఫుల్ లోడ్‌లో ఇది 212 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టింగ్‌లో అందుకు ఐదున్నర రెట్లు లాగుతుంది. లైన్ కరెంటును తగ్గించి రిలేకు చూపే సీటీ 300/1 అయితే, రిలేలో ఫుల్ లోడ్ కరెంటు 0.71 అని పడాలి. అది వదిలేసి సీటీ రేటింగ్‌నే నూరు శాతంగా ఉంచేసిన సెట్టింగులూ ఉంటాయి. అలాంటి చోట మోటారు 41 శాతం అదనపు భారంతో నడుస్తున్నా రిలే కిమ్మనదు.

లాక్డ్ రోటర్ సంగతి ఇంకా సున్నితం. మోటారుకు కరెంటు ఇచ్చాక షాఫ్ట్ తిరగకపోతే వేడి ప్రధానంగా రోటర్ కడ్డీల్లో పుడుతుంది. తిరగడం లేదు కాబట్టి గాలీ ఆడదు. స్టేటర్ వైండింగ్‌లో ఉష్ణోగ్రత కొలవడానికి పెట్టిన ఆర్టీడీలకు ఆ వేడి తెలిసేలోపు రోటర్ పని అయిపోతుంది. అందుకే ఇక్కడ కొలత ఉష్ణోగ్రత కాదు, సెకన్లు. మన ఉదాహరణలో తయారీదారు ఇచ్చిన కర్వ్ ప్రకారం చల్లగా ఉన్న మోటారు తిరగకుండా 15 సెకన్లు ఓర్చుకుంటుంది, వేడిగా ఉంటే 12. మామూలు స్టార్ట్‌కు 7 సెకన్లు పడుతుంది. కాబట్టి ట్రిప్ సమయం 7కు పైన, 12కు కింద ఉండాలి. తొమ్మిదిన్నర పెట్టామనుకుందాం.

చిక్కంతా వోల్టేజీ పడిపోయిన రోజున వస్తుంది. వోల్టేజీ 80 శాతానికి దిగితే టార్క్ తగ్గి, ఇదే మోటారు వేగం అందుకోవడానికి 11 సెకన్లు తీసుకుంటుంది. తొమ్మిదిన్నర దగ్గర కచ్చితంగా కొట్టేసే టైమర్ పెట్టి ఉంటే ఆరోగ్యంగా ఉన్న మోటారును ఆపేస్తుంది. ఆపరేటర్‌కు విసుగొచ్చి దాన్ని 14 చేస్తాడు. వోల్టేజీ బాగున్న రోజు, మోటారు వేడిగా ఉండగా పంపులో చెట్టుకొమ్మ ఇరుక్కుంటే ఆ 14 సెకన్లే రోటర్‌ను కాల్చేస్తాయి. సరైన దారి అంకె పెంచడం కాదు, కరెంటు వర్గాన్ని బట్టి సమయం మారే కర్వ్‌ను వాడటం. వోల్టేజీ 80 శాతమైతే కరెంటూ దాదాపు అంతే తగ్గుతుంది, వేడి పుట్టడం 64 శాతానికి పడిపోతుంది. కాబట్టి తొమ్మిదిన్నర సెకన్ల పరిమితి దానంతటదే దాదాపు 15 సెకన్లవుతుంది. 11 సెకన్ల స్టార్ట్ హాయిగా దాటిపోతుంది. మోటారు ఓర్చుకోగలిగేదీ ఆ వోల్టేజీకి దాదాపు 19 సెకన్లకు పెరుగుతుంది కాబట్టి ప్రమాదమేమీ లేదు. నేటి డిజిటల్ రిలేల్లో చాలావాటిలో ఈ సౌకర్యం ఉంటుంది. మెనూలో దాన్ని ఎంచుకునే ఓపిక ఉండాలి, అంతే.

మా దృష్టిలో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది మాత్రం, ఆగిన మోటారు ఎంత నెమ్మదిగా చల్లారుతుందో రిలేకు చెప్పకపోవడం. నడుస్తున్న మోటారును దాని ఫ్యానే చల్లబరుస్తుంది. ఆగగానే ఆ గాలీ ఆగుతుంది. మోటారు ఎంత వేగంగా వేడెక్కుతుందో, చల్లారుతుందో చెప్పే థర్మల్ టైమ్ కాన్‌స్టంట్ మన మోటారు నడిచేటప్పుడు 30 నిమిషాలనుకుంటే, ఆగినప్పుడు దానికి మూడింతలు, 90 నిమిషాలు ఉండటం సహజం. కమిషనింగ్ హడావుడిలో రెండు చోట్లా 30 కొట్టేస్తే ఏమవుతుందో చూడండి. ఓవర్‌లోడ్‌లో ట్రిప్ అయినప్పుడు రిలే లెక్కలో వేడి 100 శాతం. ఒక్క స్టార్ట్‌కు 15 సెకన్ల ఓర్పులో 7 ఖర్చవుతాయి, అంటే 47 శాతం. వేడి 50 శాతానికి దిగేదాకా రిలే స్టార్ట్‌ను అడ్డుకుంటుంది. తప్పు సెట్టింగ్‌తో 21 నిమిషాలకే తెర మీద అనుమతి కనిపిస్తుంది. నిజానికి అప్పటికి మోటారులో వేడి 79 శాతం దగ్గరే ఉంది. దానికి 47 కలిస్తే 126. రిలే మాత్రం 97 అనుకుని కదలకుండా కూర్చుంటుంది. సరైన సెట్టింగ్‌తో ఆగాల్సింది గంటా రెండు నిమిషాలు. ఆ మిగతా నలభై నిమిషాలు ఓర్చుకోలేకే మనం మోటార్లను రీవైండింగ్‌కు పంపుతున్నాం. ఇక అత్యవసరమైతే వాడమని ఇచ్చిన రీస్టార్ట్ కీని రోజువారీ స్విచ్‌లా తిప్పేసే చోట్ల ఏ సెట్టింగ్ పెట్టినా ఒకటే.

ఫేజుల అసమతుల్యత గురించి బోరు మోటారున్న ప్రతి రైతుకూ ఎంతో కొంత తెలుసు. ఒక ఫేజు పోతే మోటారు కాలుతుందనే కదా సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టుకునేది. పెద్ద మోటార్లకు పూర్తిగా పోయిన ఫేజుకంటే కాస్త తగ్గిన ఫేజు మోసకారి. రైల్వే 25 కేవీ ట్రాక్షన్ సబ్‌స్టేషన్లు గ్రిడ్‌లోని రెండు ఫేజుల నుంచే కరెంటు తీసుకుంటాయి. ఆ దగ్గరలోని లైన్లలో వోల్టేజీలు సమంగా ఉండకపోవచ్చు. అప్పుడు మోటారులో ఎదురు దిశలో తిరిగే అయస్కాంత క్షేత్రం కూడా పుడుతుంది. దీన్నే నెగెటివ్ సీక్వెన్స్ అంటారు. దానికి మోటారు ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. అందువల్ల 3 శాతం వోల్టేజీ తేడా దానికి ఐదున్నర రెట్లు, అంటే 16 శాతానికి పైగా, కరెంటు తేడాగా బయటపడుతుంది. పైగా దాదాపు 100 హెర్ట్జ్‌లో రోటర్ కడ్డీల నిరోధం పెరిగి వేడి మరింత ఎక్కువ. ఐఈసీ 60034 ప్రమాణం దీర్ఘకాలం అనుమతించేది 1 శాతం నెగెటివ్ సీక్వెన్స్ వోల్టేజీనే.

థర్మల్ లెక్కలో దీన్ని ఇలా కలుపుతారు:

Ieq = √(I1² + k·I2²)

ఇందులో I1 మామూలు దిశ కరెంటు, I2 నెగెటివ్ సీక్వెన్స్ కరెంటు, k అనేది I2 పుట్టించే అదనపు వేడికి ఇచ్చే బరువు. స్టార్టింగ్ కరెంటు ఐదున్నర రెట్లుంటే k దాదాపు 6. మోటారు సరిగ్గా ఫుల్ లోడ్‌లో ఉండి, పైన చెప్పిన తేడా ఉంటే, Ieq విలువ 1.08 అవుతుంది. రిలే స్పందించడం మొదలుపెట్టే పికప్‌ను 1.05 దగ్గర ఉంచితే రిలే కొంతసేపటికి ట్రిప్ చేస్తుంది, అదీ న్యాయంగానే. k ను సున్నాగా వదిలేస్తే అమ్మీటరు, రిలే రెండూ అంతా బాగుందనే చెబుతాయి. దీనికి తోడు నెగెటివ్ సీక్వెన్స్ కరెంటు 10 శాతం దగ్గర అలారం, 20 శాతం దగ్గర కొన్ని సెకన్ల ఆలస్యంతో ట్రిప్ ఉంచడం మంచిది. ఆ ఆలస్యం తప్పనిసరి. ఎక్కడో లైన్ మీద ఫాల్ట్ వచ్చి, అక్కడి బ్రేకర్ దాన్ని తీసేసేలోపు పంపులన్నీ ఒక్కసారిగా పడిపోకూడదు.

ఈ అంకెలేవీ మరో పంప్‌హౌస్‌కు ఎత్తి రాసుకునేవి కావు. ప్రతి మోటారుకూ తయారీదారు థర్మల్ కర్వ్ వేరు, సీటీ వేరు, లైన్ వేరు. పక్క మోటారు సెట్టింగ్ ఫైలును కాపీ చేసి ఎక్కించే పద్ధతి ఆగాలంటే బిల్లు చెల్లింపునే దానికి ముడిపెట్టాలి. థర్మల్ డ్యామేజ్ కర్వ్, సంతకం చేసిన సెట్టింగ్ లెక్క కాగితం చేతికి రాకుండా కమిషనింగ్ పూర్తయిందని జల వనరుల శాఖ ధ్రువీకరించకూడదు. తర్వాత ఎవరు ఏ అంకె మార్చినా పాత విలువ, కొత్త విలువ, కారణం లాగ్‌బుక్‌లోకి ఎక్కాలి. రిలే ప్రతి స్టార్ట్‌కూ పట్టిన సమయాన్ని తనలో దాచుకుంటుంది. నెలకోసారి దాన్ని దించుకుని చూస్తే చాలు. 7 సెకన్ల స్టార్ట్ 9 అయిందంటే వోల్టేజీ పడిపోతోందో, డెలివరీ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదో, పంపులో ఇసుక పేరుకుందో సీజన్ మధ్యలో కాకుండా వేసవిలోనే తెలుసుకోవచ్చు.