బాబాయ్ బకాయి 31 లక్షలు

మాది విజయవాడలో పైపులు, కుళాయిలు, శానిటరీ సామాను అమ్మే హోల్‌సేల్ దుకాణం. పాత బిల్లింగ్ ప్యాకేజీ నుంచి, బిల్లులూ స్టాకూ ఖాతాలూ అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌కి మారాలని ఓనరు గారు నిర్ణయించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త సిస్టమ్‌లోనే బిల్లులు. పాత డేటా శుభ్రం చేసి కన్సల్టెంట్ ఇచ్చిన టెంప్లేట్లలో నింపే పని నాకు పడింది. "ఎక్సెల్ వచ్చు కదయ్యా నీకు" అన్నారు. వచ్చు. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

ముందు ఐటమ్ మాస్టర్, అంటే సరుకుల జాబితా పట్టాను. అరంగుళం ఎల్బో సైజు `1/2` అని ఉన్న ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే `01-Feb` అయి కూర్చుంది. ముప్పావు అంగుళం టీ జాయింటు `03-Apr` అయింది. తేదీ అనుకుంది కాబోలు, టెక్స్ట్ చేసేద్దామని ఫార్మాట్ మార్చాను. అది `45689` అయింది. ఎక్సెల్ తేదీలను లోపల రోజుల లెక్కగా దాచుకుంటుందని, 2025 ఫిబ్రవరి 1 దాని లెక్కలో 45,689వ రోజని అప్పుడు తెలిసింది. కాలమ్‌ను టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోవడం తెరవక ముందు చేయాల్సిన పని. తెరిచాక చేస్తే ఏం లాభం? ఈలోపు గోడౌన్ కుర్రాడు ప్రింటు చూసి, "అన్నా, ఫిబ్రవరి ఎల్బో ఏ ర్యాకులో ఉంటది?" అని అడిగేశాడు.

సరఫరాదార్ల జాబితాలోనూ ఇదే వరస. 16 అంకెల బ్యాంకు అకౌంట్ నంబర్లలో ఎక్సెల్ 15 అంకెలే గుర్తుంచుకుని చివరిది సున్నా చేస్తుంది. పొడుగు నంబర్లన్నీ సున్నాతోనే ముగియడం చూసి అనుమానం వచ్చింది కాబట్టి బతికిపోయాం. లేకపోతే ఎవరి డబ్బు ఎవరికి పోయేదో!

ఈ రెండు గండాలూ గట్టెక్కేసరికి నాకు కొంచెం పొగరు వచ్చింది. ఆ పొగరుతోనే కస్టమర్ మాస్టర్ తెరిచాను.

అందులో 1,846 పేర్లున్నాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దుకాణం పెట్టేవాళ్లకు పేరు కోసం పెద్దగా వెతుకులాట ఉండదు. మా జాబితాలో శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్‌లు 14. ఒకడు `SRI`, ఇంకొకడు `SREE`, మరొకడు `SHRI`, వేరొకడు ఉత్త `S.V.`. ఇవి పద్నాలుగు దుకాణాలా, లేక ఒకే దుకాణాన్ని పద్నాలుగు రకాలుగా కొట్టామా? దేవుడికే తెలియాలి, ఆయన పేరే కాబట్టి.

జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లతో తంటా తక్కువ. 15 అక్షరాలు ఉన్నాయా, మొదటి రెండు 37 అంటే ఆంధ్రప్రదేశ్, 36 అంటే తెలంగాణ, తర్వాతి పది పాన్ నంబరు. పద్నాలుగో అక్షరం `Z` ఉండాల్సిన చోట మనవాళ్లు `2` కొట్టినవి తొమ్మిది దొరికాయి. అవి దిద్దాను. చిన్న దుకాణాల్లో చాలామందికి జీఎస్టీ నంబరే లేదు. వాళ్లనెలా పోల్చాలి? ఫోన్ నంబరుతో! పేరు పది రకాలుగా రాస్తారు గానీ ఫోన్ నంబరు మారదు కదా. ఒకే నంబరున్న రికార్డులన్నిటినీ అన్నిటికన్నా పాత కోడు కింద కలిపేశాను. 1,846 కాస్తా 1,402 అయింది. 444 డూప్లికేట్లు! ఓనరు గారు కాఫీ తెప్పించారు.

నేనేమీ చూసుకోకుండా చేయలేదు. కలపక ముందు మొత్తం బకాయి, కలిపిన తర్వాత మొత్తం బకాయి పైసాతో సహా సరిపోయాయి. ఆ లెక్కను నమ్మి నిద్రపోయాను. రెండు వందల మంది అప్పును ఒక్కడి నెత్తిన పెట్టినా మొత్తం మారదన్న సంగతి ఆ కాఫీ మత్తులో తట్టలేదు.

సాయంత్రం కన్సల్టెంట్ కుర్రాడు టెస్ట్ సిస్టమ్‌లోకి ట్రయల్ లోడ్ చేశాడు. ఆ టెస్ట్ సిస్టమ్‌ను అసలు ఎస్ఎంఎస్ లైనుకే తగిలించాడని అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు మా గుమాస్తా బాబాయ్ ఫోన్. వెనకాల పిన్ని గొంతు ఇంకా గట్టిగా వినిపిస్తోంది.

"ఒరేయ్, నా ఫోనుకేదో మెసేజ్ వచ్చిందిరా. ప్రియమైన శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్, మీ బకాయి 31,84,260 రూపాయలు, ఏడు రోజుల్లో కట్టాలట. నాకు తెలీకుండా ఏం వ్యాపారం పెట్టావని మీ పిన్ని అన్నం పెట్టట్లేదు."

"రాంగ్ నంబరు అయ్యుంటుంది బాబాయ్" అన్నాను.

"కాదురా, దుకాణం పేరుతోనే వచ్చింది. కొంపదీసి..." అని కాసేపు ఆగాడు. "ఆ పాత ప్యాకేజీలో ఫోన్ నంబరు కొట్టకపోతే బిల్లు ముందుకు కదిలేది కాదు కదా. కౌంటరు దగ్గర జనం, నంబరు అడిగితే వాళ్లు చెప్పరు. అందుకని నాది కొట్టేవాణ్ణి."

"ఎంతమందికి?"

"లెక్కెవడు పెట్టాడురా!"

లెక్క మర్నాడు నేను పెట్టాను. ఫోన్ నంబర్ల పక్కన ఒక కాలమ్ వేసి, ఈ ఒక్క ముక్క రాసి కిందిదాకా లాగాను:

```
=COUNTIF(F:F,F2)
```

బాబాయ్ నంబరు 217 చోట్ల ఉంది. `9999999999` అన్న నంబరు 63 చోట్ల. మా సేల్స్‌మన్ నంబరు 40 చోట్ల. ఒక ఫోన్ నంబరు ఇద్దరికో ముగ్గురికో ఉంటే డూప్లికేట్ అనుకోవచ్చు గానీ, 217 మందికి ఉంటే అది నంబరే కాదు. అది ఖాళీ గడి. ఈ లెక్క కలపక ముందు వేసుంటే రెండు నిమిషాల పని.

నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, పాత కోడుల కాలమ్ చెరపకపోవడం. ఏ పాత కోడు ఏ కొత్త కోడులోకి వెళ్లిందో ఆ పట్టిక ఉంది కాబట్టి కలిపినవాళ్లందర్నీ మళ్లీ విడదీయగలిగాం. ఈసారి ఉత్తుత్తి నంబర్లన్నీ తీసేసి ఆ గడులు ఖాళీగా వదిలాం. జీఎస్టీ ఉన్నవాళ్లను దానితో, లేనివాళ్లను పేరు, ఊరు, ఫోను మూడూ కలిపి పోల్చాం. అప్పటికీ తేలనివి సేల్స్‌మన్ ముందు పెట్టి ఒక్కొక్కటే చదివాను.

"గుడివాడ శ్రీ వెంకటేశ్వర రెండున్నాయి, నంబరొకటే. కలపనా?"

"కలపకండి సార్. అన్నదమ్ములు, పోయినేడు విడిపోయారు. ఫోను మాత్రం ఇద్దరికీ వాళ్ల నాన్నదే. కలిపితే వాళ్లు కొట్టుకుంటారు, మధ్యలో నన్ను కొడతారు."

ఈ మాట ఏ ఫార్ములా చెబుతుంది?

మొత్తం బకాయితో పాటు ఈసారి పార్టీల సంఖ్య కూడా చూశాం. పైనుంచి యాభై పెద్ద బకాయిల్ని పాత లెడ్జర్‌తో ఒక్కొక్కటే సరిపోల్చాం. జాబితా 1,703 దగ్గర నిలిచింది. ఎస్ఎంఎస్ లైను కూడా ఊడబెరికించాను.

బాబాయ్ నంబరుకున్న 217 మందిలో 216 మందిని వాళ్ల వాళ్ల ఊళ్లకు పంపించేశాం. ఒక్కటి మిగిలింది. ఆ రికార్డులో పేరు బాబాయ్‌దే, ఇంటి అడ్రసు బాబాయ్‌దే, ఫోన్ నంబరూ నిజంగా బాబాయ్‌దే. 2019లో ఒక షవరు, రెండు కుళాయిలు. బకాయి 1,850 రూపాయలు.

"ఇది టెంప్లేట్‌లో పెట్టాలా బాబాయ్?" అన్నాను.

బాబాయ్ అటూ ఇటూ చూసి, జేబులోంచి పర్సు తీశాడు. "మీ పిన్నికి మాత్రం మెసేజ్ పోకుండా చూడరా" అన్నాడు.